‘రేపు 9కి ఫ్రీయేనా?’ అని డల్లాస్ నుంచి అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా మేనేజర్ డల్లాస్‌లో ఉంటారు. టీమ్స్‌లో ‘రేపు 9కి ఫ్రీయేనా?’ అని మెసేజ్ పెడతారు. నేను ‘ఫ్రీ’ అనేస్తాను. తీరా చూస్తే ఆయన ఒక టైముకి, నేను ఇంకో టైముకి కాల్‌లో చేరుతున్నాం. మార్చిలో అయితే మరీ గందరగోళమైంది. ఇలాంటి మెసేజీలకు ఎలా జవాబివ్వాలి? అవుట్‌లుక్, టీమ్స్‌లలో ఏమైనా సెట్ చేసుకోవాలా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అక్కడ తారీఖు మన కంటే ఆలస్యంగా మారుతుంది. ముందు పొరపాటు జరిగేది అక్కడే. మీరు చెప్పిన మార్చి నెలనే తీసుకుందాం. 2026 మార్చి 9, సోమవారం రాత్రి 8 గంటలకు ఆయన డల్లాస్‌లో కూర్చుని ఆ మెసేజ్ పంపారనుకోండి. అప్పటికి హైదరాబాద్‌లో మంగళవారం ఉదయం 6:30. ఆయన దృష్టిలో రేపంటే మంగళవారం. మీకేమో అప్పటికే మంగళవారం తెల్లారింది కాబట్టి రేపంటే బుధవారం. ఆయన అడిగింది డల్లాస్‌లో మంగళవారం ఉదయం 9, అంటే మనకు అదే రోజు సాయంత్రం 7:30. మీరు లెక్కేసుకున్నది బుధవారం ఉదయం మన 9 అయితే, అప్పుడు డల్లాస్‌లో మంగళవారం రాత్రి 10:30 అవుతుంది. మీరు లాగిన్ అయ్యేసరికి ఆయన అనుకున్న కాల్ దాటిపోయి పదమూడున్నర గంటలు అవుతుంది.

అందుకే ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటతో ఆపకండి. వారం, తేదీ, రెండు ఊళ్ల టైమ్ కలిపి ఒకే వరుసలో రాసి పంపండి:

```
Tue 10 Mar: 9:00 AM Dallas = 7:30 PM Hyderabad, 30 min
```

దీని కింద ‘ఇదేనా మీరనేది?’ అని ఒక్క ముక్క చాలు. తప్పుంటే ఆయనకు వెంటనే కనిపిస్తుంది. నిడివి కూడా రాయమనడానికి కారణం ఉంది. మన సాయంత్రం ఏడున్నరకి అరగంట ఇవ్వడం వేరు, గంటన్నర ఇవ్వడం వేరు. ఫ్రీయేనా అని అడిగేవాళ్లు నిడివి చెప్పడం తక్కువ. మీరే ముందు ఒక అంకె పెడితే, ఎక్కువ సమయం కావాల్సినవాళ్లు అప్పుడే చెబుతారు.

టైమ్ జోన్ పొట్టి పేర్లకు బదులు ఊరి పేరు రాయండి. దీన్ని నేను గట్టిగా చెబుతాను. డల్లాస్ గడియారం చలికాలంలో `CST`లో, మార్చి నుంచి నవంబర్ దాకా `CDT`లో ఉంటుంది. కానీ అక్కడ చాలామంది ఏడాది పొడవునా అలవాటుగా `CST` అనే రాస్తారు. జులైలో ఎవరైనా ‘9 `CST`’ అని రాస్తే, మీరు దాన్ని ఉన్నదున్నట్టుగా కన్వర్టర్‌లో కొడితే రాత్రి 8:30 అని వస్తుంది. ఆయన ఉద్దేశం మాత్రం 7:30. పైగా చైనా ప్రామాణిక కాలానికీ `CST` అనే పేరుంది. మన `IST` కూడా ఐర్లండ్, ఇజ్రాయెల్ వాళ్లకు వాళ్ల సొంత టైమ్. ఊరి పేరు రాస్తే ఈ తికమకలేవీ ఉండవు.

ఇక మార్చి గందరగోళం సంగతి. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తెస్తాయి. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. మన దేశంలో ఈ మార్పు లేదు. అందువల్ల డల్లాస్‌కీ మనకీ తేడా చలికాలంలో 11:30 గంటలు, మిగతా కాలంలో 10:30 గంటలు. మార్చి 6న వాళ్ల ఉదయం 9 మనకు రాత్రి 8:30. మార్చి 9న అదే ఉదయం 9 మనకు 7:30. యూరప్ వాళ్లు మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో మారుస్తారు కాబట్టి, కాల్‌లో లండన్ వాళ్లు కూడా ఉంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం లెక్కలు ఇంకోలా ఉంటాయి.

నోటిలెక్కకు ఒక ఉపాయం ఉంది. డల్లాస్ టైమ్‌లో ఏఎమ్‌ని పీఎమ్‌గా, పీఎమ్‌ని ఏఎమ్‌గా తిప్పి, వేసవి లెక్కయితే గంటన్నర, చలికాలం లెక్కయితే అరగంట తీసేయండి. ఉదయం 9ని రాత్రి 9 చేసి, గంటన్నర తీస్తే 7:30. న్యూయార్క్‌కి వేసవిలో రెండున్నర గంటలు, చలికాలంలో గంటన్నర తీయాలి. మొదటి టైమ్ పీఎమ్ అయి, తీసేశాక వచ్చింది ఏఎమ్ అయితే మనకు తారీఖు ఒకటి పెరుగుతుందని మరవకండి. వాళ్ల శుక్రవారం మధ్యాహ్నం 2 మనకు వేసవిలో శనివారం అర్ధరాత్రి దాటాక 12:30. దాన్ని ‘శుక్రవారం రాత్రి పన్నెండున్నర’ అని రాస్తే అవతలివాళ్లకు ఒక రోజు తేడా వచ్చేస్తుంది.

దీన్ని రోజూ లెక్కేసుకోనక్కర లేకుండా అవుట్‌లుక్ క్యాలెండర్ పక్కన రెండో గడియారం పెట్టుకోవచ్చు. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో `File` → `Options` → `Calendar`లోకి వెళ్లి, `Time zones` కింద `Show a second time zone` టిక్ చేయండి. కొత్త అవుట్‌లుక్‌లో, బ్రౌజర్‌లో అయితే `Settings` → `Calendar` → `View`లో టైమ్ జోన్ల భాగం ఉంటుంది. గూగుల్ క్యాలెండర్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో `Display secondary time zone` ఎంచుకోవాలి. ఆ జాబితాలో డల్లాస్ పేరు ఉండదు, షికాగో ఎంచుకోండి. రెండు ఊళ్లదీ ఒకే గడియారం.

అవుట్‌లుక్ జాబితాలో జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. `UTC-06:00` అనే అంకెతో నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. మీకు కావాల్సింది `Central Time`. `Saskatchewan`, `Central America` కూడా అదే అంకెతో ఉంటాయి గానీ, అవి వేసవిలో గడియారం మార్చవు. పొరపాటున వాటిలో ఒకటి ఎంచుకుంటే చలికాలమంతా సరిగ్గానే కనిపించి, మార్చి రెండో ఆదివారం నుంచి గంట తేడా మొదలవుతుంది. మీకు మార్చిలోనే గందరగోళం ఎక్కువైందంటున్నారు కాబట్టి, ఇది ఒకసారి తెరిచి చూసుకోండి. అలాగే విండోస్‌లో `Settings` → `Time & language` → `Date & time` తెరిచి, ల్యాప్‌టాప్ టైమ్ జోన్ `UTC+05:30`లోనే ఉందో లేదో చూడండి. అమెరికా ఆఫీసు సెట్ చేసి పంపిన ల్యాప్‌టాప్ అయితే అక్కడి టైమే ఉండిపోయే అవకాశముంది. అలా ఉంటే మీరు 7:30 అని టైప్ చేసిన ఇన్వైట్ వాళ్ల 7:30కి పోతుంది.

ఇప్పుడు టీమ్స్. పేరు పక్కన పచ్చచుక్క ఉందంటే మీరు మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారని కాదు, మీ కంప్యూటరో ఫోనో వాడకంలో ఉందని మాత్రమే. రాత్రి పదిన్నరకు మీరు ఫైల్ సేవ్ చేసుకుంటున్నా ఆయనకు పచ్చచుక్కే కనిపిస్తుంది, ‘ఫ్రీయేనా?’ అని అడుగుతారు. దీనికి మందు స్టేటస్ మెసేజ్. మీ ఫొటో మీద నొక్కి, స్టేటస్ మెసేజ్‌లో మీరు దొరికే వేళలు రెండు ఊళ్ల టైముల్లో రాసి, `Show when people message me` టిక్ పెట్టండి. అప్పుడు ఎవరు మీకు మెసేజ్ టైప్ చేయబోయినా ఆ పెట్టె పైనే ఇది కనిపిస్తుంది. గడువు దగ్గర ఎప్పటికీ చెరిగిపోకుండా ఉండే ఎంపిక పెట్టుకోండి. కాకపోతే మార్చి, నవంబర్‌లలో ఇందులోని డల్లాస్ టైమ్ మీరే మార్చుకోవాలి.

ఏ వేళలు రాయాలి? డల్లాస్ ఆఫీసు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా అంటే, వేసవిలో మనకు సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజాము 3:30 దాకా. మీరు పది నుంచి ఏడు దాకా పనిచేస్తుంటే ఇద్దరూ ఆఫీసులో ఉండేది ఒక్క అరగంటే. కాబట్టి వారంలో ఏ రోజుల్లో ఎనిమిదిన్నర దాకా ఉండగలరో మీరే నిర్ణయించుకుని అవే రాయండి. మిగతా సాయంత్రాలు క్యాలెండర్‌లో ఖాళీగా వదిలితే అవతలివాళ్లకు అవి ఫ్రీగానే కనిపిస్తాయి. అవుట్‌లుక్‌లో పని వేళలు పెట్టుకున్నా, అవి తెలియజేస్తాయే తప్ప ఇన్వైట్‌ను ఆపవు. మీకు కుదరని గంటలకు రోజూ వచ్చేలా ఒక అపాయింట్‌మెంట్ వేసి, `Show as` దగ్గర `Busy` పెట్టండి.

ఏ విషయమూ చెప్పకుండా ఉత్త ‘ఫ్రీయేనా?’ అని రాత్రివేళ వస్తే, అవునూ కాదూ అనకుండా విషయమేమిటి, ఎంతసేపు, ఎప్పటిలోగా అని అడిగి, మీకు కుదిరే రెండు టైములు ఇవ్వండి. మీరు ఈ జవాబు మన ఉదయం 11కి రాస్తుంటే డల్లాస్‌లో అర్ధరాత్రి పన్నెండున్నర. ఆయన ఫోన్ మోగకుండా, టీమ్స్ డెస్క్‌టాప్‌లో పంపే బటన్ మీద రైట్‌క్లిక్ చేసి సాయంత్రం 6:30కి షెడ్యూల్ చేయండి. అక్కడ అడిగే టైమ్ మీ ఊరిదే. ఇదే ప్రశ్న మేనేజర్ పేరుతో బయటి ఈమెయిల్ నుంచో, కొత్త వాట్సాప్ నంబర్ నుంచో వస్తే మాత్రం జవాబివ్వకండి. గిఫ్ట్ కార్డులు కొనిపించే మోసాలు సరిగ్గా ఈ మాటతోనే మొదలవుతాయి. ఆయన్ని టీమ్స్‌లో అడిగి తేల్చుకోండి.

టైమ్ కుదిరాక చాట్‌లోనే వదిలేయకుండా ఇన్వైట్ పంపించుకోండి. ఇన్వైట్‌లో టైమ్ జోన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఎవరి క్యాలెండర్‌లో వాళ్ల టైమ్ కనిపిస్తుంది. ప్రతి వారం జరిగే మీటింగ్ అయితే, అది ఏ ఊరి టైమ్ మీద కట్టారన్నది ముందే మాట్లాడుకోవాలి. ఆయన డల్లాస్ ఉదయం 9 మీద కడితే, 2026 నవంబర్ 1 తర్వాత మీకు అది 7:30 నుంచి 8:30కి జరుగుతుంది. మీరు హైదరాబాద్ 7:30 మీద కడితే మీకు మారదు, ఆయనకు ఉదయం 8 అవుతుంది. మీకు ఎనిమిదిన్నర కుదరదనుకుంటే, మీటింగ్ మీరే సృష్టించి, టైమ్ పక్కనున్న టైమ్ జోన్ దగ్గర మన దేశానిది ఉందో లేదో చూసి పంపండి.