వెయ్యి డాలర్ల బడ్జెట్ పెట్టినా ఒక్క మెయిల్ రాలేదు, ఎందుకు?

ప్రశ్న: సార్, మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలకు స్టాక్, బిల్లింగ్ యాప్ నడుపుతున్నాం. AWS బిల్లు ఎప్పుడూ 75 డాలర్లు దాటేది కాదు, ఈసారి 915 వచ్చింది. కుర్రాడు 3వ తేదీన టెస్టింగ్‌కి పెద్ద మెషీన్ ఆన్ చేసి మర్చిపోయాడు. వెయ్యి డాలర్లకు బడ్జెట్ అలర్ట్ పెట్టాను, ఏమీ రాలేదు. ఎఫ్‌డీ తీసి కట్టేయనా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఆ మెషీన్ తీసేసి, Account and billing కింద సపోర్ట్ కేసు పెట్టండి. అది ఉచితమే. జరిగింది ఉన్నదున్నట్టు రాసి, తగ్గించమని అడగండి. తగ్గిస్తారన్న గ్యారంటీ లేదు గానీ, అడగకుండా కట్టడం ఎందుకు?

మీ అలర్ట్ పాడవలేదండి. 915 వెయ్యి దాటలేదు కదా, మరి ఎలా మోగుతుంది? మీరు కట్టగలిగే మొత్తాన్ని బట్టి హద్దు పెట్టుకున్నారు, పెట్టాల్సింది రోజువారీ ఖర్చును బట్టి. మీకు రోజుకు 2.50 అవుతుంది, ఆ మెషీన్ మరో 30 తింది. నెలకు 80 అని పెట్టుకున్నా 5వ తేదీకి గానీ దాటదు. అదే Budgets లో కాలం Daily, మొత్తం 5 డాలర్లు, Actual 100 శాతం అని పెట్టి ఉంటే, పొద్దున పదింటికి ఆన్ చేసిన మెషీన్ మధ్యాహ్నం రెండు లోపే హద్దు దాటించేది. మెయిల్ మాత్రం అప్పటికప్పుడే రాదు, ఎందుకంటే బిల్లింగ్ లెక్కలు మామూలుగా 8 నుంచి 12 గంటలకోసారి తాజా అవుతాయి, అంటే ఆ రాత్రికో మర్నాటికో తెలిసేది, పోయేది 30 డాలర్ల చుట్టుపక్కల. ఒకటో తేదీన నెలవారీ చార్జీలు ఒకేసారి పడి ఉత్తుత్తిగా మోగొచ్చు, దానికి టెన్షన్ పడకండి.

Cost Anomaly Detection అని ఇంకోటుంది, అదీ ఉచితమే. పాత ఖర్చు తీరు చూసి తేడా పట్టుకుంటుంది. కానీ దానంతటదే వచ్చే సెట్టింగ్‌లో తేడా 100 డాలర్లూ, మామూలు ఖర్చు మీద 40 శాతమూ దాటితేనే చెబుతుంది, మీలాంటి చిన్న ఖాతాకు ఆ 100 పోగయ్యేసరికి నాలుగు రోజులు పోతాయి. దాన్ని 10కి దించండి. కొత్త సర్వీసు ఏదైనా మొదలుపెడితే పది రోజుల లెక్కలు చేరేదాకా ఇది దాన్ని పట్టుకోలేదు, అందుకే రోజువారీ బడ్జెట్ తీసేయొద్దు.

ఇంకొకటి, ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన పాత మెయిల్‌కే అలర్టులు పోతుంటే ఎవరు చూస్తారు? మీదీ, ఆ కుర్రాడిదీ రెండూ పెట్టండి. బడ్జెట్ మెయిల్ పంపుతుందే గానీ, విడిగా యాక్షన్ పెట్టకపోతే మెషీన్‌ను ఆపదు. మీరు Stop నొక్కినా డిస్క్ అద్దె నడుస్తూనే ఉంటుంది, అక్కర్లేకపోతే Terminate చేసి డిస్క్ కూడా పోయిందో లేదో చూడండి, ముంబై ఒక్కటే కాదు, కుర్రాడు ఏ రీజియన్‌లో తెరిచాడో అక్కడ.