డాక్టర్ సలహా: ఫిల్టర్ సంగతి తర్వాత, ముందు పాప జ్వరం సంగతి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మదనపల్లె. బెంగళూరు హొరమావులో అద్దెకుంటున్నాం. మూడు వారాల కింద పెద్ద వాన పడ్డాక సంపు నీళ్ళు వాసన వచ్చాయి, ఓనర్ కడిగించారు. ఆ వారమే మా ఇద్దరికీ రెండు రోజులు మోషన్స్ అయ్యి తగ్గిపోయాయి. ఇప్పుడు తొమ్మిదేళ్ళ పాపకు ఐదు రోజులుగా జ్వరం. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ మూడు రోజులకు ఇచ్చారు, వేశాం. వైడాల్ టెస్టులో టైఫాయిడ్ అన్నారు. మా వారికి నాలుగు రోజులుగా అన్నం సహించట్లేదు, నీరసం. మా ఫిల్టర్ పాతది. ఆర్.ఓ. కొనాలా, యు.వి. కొనాలా?

జవాబు: అమ్మా, ఫిల్టర్ ఏ కంపెనీదైనా ఈ వారం కొనకపోయినా నష్టం లేదు. పాపను మాత్రం ఇవాళే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఐదు రోజుల జ్వరానికి షాపువాడి మందుతో సరిపెట్టకూడదు. అజిత్రోమైసిన్ టైఫాయిడ్‌కు పనిచేసే మందే. కానీ పిల్లలకు బరువును బట్టి డోసు వేసి, సాధారణంగా వారం దాకా ఇస్తాం. మూడు రోజులు వేసి ఆపితే క్రిములు పూర్తిగా చావవు. జ్వరం కాస్త తగ్గి మళ్ళీ వస్తుంది, పైగా తర్వాత చేసే బ్లడ్ కల్చర్‌లో క్రిమి దొరికే అవకాశం తగ్గిపోతుంది. నా దగ్గరకు వచ్చే జ్వరం కేసుల్లో నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. టెస్టుకు ముందే మందు పడిపోయి ఉంటుంది, మేం చీకట్లో తడుముకోవాలి.

వైడాల్ సంగతి కూడా చెప్తాను. ఆ టెస్టు చూసేది క్రిమిని కాదు, మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అవి జ్వరం మొదటి వారంలో పెరగకపోవచ్చు. మన ప్రాంతంలో పాత ఇన్ఫెక్షన్ వల్లో, టీకా వల్లో ముందే ఉండి 'పాజిటివ్' అనిపించవచ్చు. ఒక్క వైడాల్ కాగితం పట్టుకుని టైఫాయిడ్ అని నేను తేల్చను, కాదనీ అనను. మందు పడినా సరే బ్లడ్ కల్చర్ చేయించండి. ఏ మందు ఎన్ని రోజులు వేశారో డాక్టర్‌కు చెప్పండి, స్ట్రిప్ తీసుకెళ్ళండి. వానల తర్వాత బెంగళూరులో జ్వరమంటే డెంగీ కూడా చూడాలి, ప్లేట్‌లెట్ కౌంటుతో సహా. పాప కడుపు గట్టిపడినా, తీవ్రమైన నొప్పి వచ్చినా, మోషన్ నల్లగా లేదా రక్తంతో అయినా, మత్తుగా పడుకున్నా డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా హాస్పిటల్‌కు వెళ్ళండి. సరిగా మందు పడని టైఫాయిడ్‌లో మూడో వారం ప్రాంతంలో పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మరో విషయం మీ వారి ఆకలి. మీరు పాప వెనుక పడి ఆయన్ని వదిలేశారు. తేదీలు చూడండి. సంపులోకి మురుగు చేరిందనుకుందాం. కలరా, ఇతర విరేచనాలు ఎక్కువగా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు బయటపడతాయి. టైఫాయిడ్ సాధారణంగా ఒకటి రెండు వారాలకు, కొన్నిసార్లు నెల దాకా పడుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ 15 నుంచి 50 రోజుల మధ్య, సగటున నాలుగు వారాలకు వస్తుంది. మీ ఇంట్లో మోషన్స్ ముందు, జ్వరం మధ్యలో, అరుచి చివర రావడం ఈ లెక్కకు సరిపోతోంది. నీళ్ళు ఇప్పుడు బాగున్నాయి కదా, ఇది ఎలా వస్తుంది అని అడుగుతారు చాలామంది. ఇవాళ వచ్చిన జబ్బు నిన్నటి నీళ్ళది కాకపోవచ్చు.

అలాగని మీకొచ్చింది కలరా అని చెప్పడం లేదు. కలరా తీవ్రంగా వస్తే బియ్యం కడిగిన నీళ్ళలా మోషన్స్ ఆగకుండా పోయి, గంటల్లో మనిషి వడలిపోతాడు. మళ్ళీ అలా అయితే మోషన్స్ ఆపే మాత్ర వద్దు. ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టి హాస్పిటల్‌కు బయలుదేరండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసులో సగం వేసి అంచనాగా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు హాని.

మీ వారికి లివర్ టెస్టులు, హెపటైటిస్ ఎ, ఇ లకు ఐ.జి.ఎం. చేయించండి. కళ్ళు పచ్చబడే దాకా ఆగొద్దు, ఎందుకంటే ఎ రకంలో కామెర్లు కనిపించడానికి ముందు రెండు వారాల్లోనే ఇతరులకు ఎక్కువగా అంటుకుంటుంది. పిల్లలకు చాలాసార్లు తెలియకుండానే పోతుంది గానీ పెద్దవాళ్ళను బాగా కుదిపేస్తుంది. టెస్టులు తేలేదాకా మద్యం, ఒళ్ళునొప్పులకు సొంతంగా మాత్రలు, ముఖ్యంగా పసరు మందు వద్దు. ఊళ్ళో ఫలానా ఆయన కామెర్లకు ఆకు ఇస్తాడని ఎవరో తప్పకుండా చెప్తారు. ఎ రకం ఎక్కువమందిలో దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం ఆ ఆకుకు వస్తుంది. లివర్ దెబ్బతిన్నవాడికి అదే ఆకు ప్రాణం మీదకు తేవచ్చు. ఆయన మాట తడబడినా, అయోమయంగా ఉన్నా ఎమర్జెన్సీ. మీరు గర్భవతి అయితే ఇ రకం మీకు చాలా ప్రమాదం, ఆ సంగతి డాక్టర్‌కు వెంటనే చెప్పండి.

ఇక నీళ్ళు. కావేరి నీళ్ళు వచ్చే గంటల్లో పైపులో ఒత్తిడి ఉంటుంది. సరఫరా ఆగాక ఒత్తిడి పడిపోయి, పైపుకు చీలిక ఉంటే పక్కనున్న మురుగును లోపలికి లాక్కుంటుంది. అందుకే మొదట వచ్చే నీటిని కాసేపు సంపులోకి వదలకుండా పారబోయమంటాం. మీ కేసులో వాన తర్వాత వాసన వచ్చిందంటే సంపు గోడకు పగులో, దగ్గరలో డ్రైనేజీ చాంబర్ పొంగడమో చూడాలి. కడిగించారు సరే, పగులు మూయించారా? మూయించకపోతే వచ్చే వానకు మళ్ళీ ఇదే కథ.

మూయించాక బ్లీచింగ్ పౌడర్ వాడండి. కొత్త ప్యాకెట్ అయితే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు. మీ సంపు 5,000 లీటర్లదైతే పన్నెండు, పదమూడు గ్రాములు. బకెట్లో నీళ్ళతో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటినే సంపులో పోసి, గంట తర్వాత వాడాలి. మూత తెరిచి నెలలైన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. మురికిగా, వాసనగా ఉన్న నీళ్ళలో క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది. ఆ నీళ్ళు తీసేయాల్సిందే. ట్యాంకర్ నీళ్ళకూ ఇదే లెక్క. అనుమానం తీరాలంటే హెచ్‌.టు.ఎస్. అనే నీళ్ళ టెస్టు సీసా తెచ్చి సంపు నీళ్ళు పోసి ఉంచండి, రెండు రోజుల్లోపు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. నల్లబడకపోయినా పూర్తి భరోసా కాదు.

ఆర్.ఓ., యు.వి. రెండూ సరిగా పనిచేస్తే తాగే నీటిలో క్రిములను ఆపుతాయి. ఫిల్టర్ మార్చకపోయినా, నీళ్ళు మడ్డిగా ఉన్నా యు.వి. విఫలమవుతుంది. బయటికొచ్చిన నీళ్ళను బిందెలో పోసి చెయ్యి ముంచితే ఏదీ కాపాడదు. అసలు చిక్కు ఏమిటంటే, ఆ ఫిల్టర్ నీళ్ళు తాగుతూ, అదే సంపు నీళ్ళతో పళ్ళు తోముకుని, కొత్తిమీర కడిగి పచ్చడిలో వేస్తారు, మజ్జిగ పలుచన చేస్తారు. ఈ నెల రోజులు తాగడానికి, పళ్ళు తోముకోవడానికి, పచ్చిగా తినేవి కడగడానికి మరిగించిన నీళ్ళే వాడండి. బుడగలొచ్చి తెర్లాక ఇంకో నిమిషం మరిగితే చాలు, కలరా, టైఫాయిడ్, హెపటైటిస్ మూడింటి క్రిములూ పోతాయి. క్లోరిన్‌కు ఓర్చుకునే ఎ రకం వైరస్ కూడా ఇక్కడ ఆగదు.

మీ వారు వంటింట్లోకి రాకుండా చూడండి. కామెర్లు కనిపిస్తే ఆ రోజు నుంచి మరో వారం కూడా. టైఫాయిడ్ తేలితే పాప కోలుకున్నాక కూడా క్రిమి కొన్ని వారాలు మలంలో రావచ్చు, కాబట్టి టాయిలెట్ తర్వాత, అన్నానికి ముందు అందరూ సబ్బుతో చేతులు కడగాలి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, హెపటైటిస్ ఎ టీకా ఎవరికి, ఎప్పుడు అన్నది టెస్టులు చూశాక మీ డాక్టర్‌తో మాట్లాడండి.

ఇది మీరు రాసిన దాన్ని బట్టి చెప్పిన సలహా మాత్రమే, పాపను చూడకుండా మందు పేరు రాయను. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజుల నుంచి వారం దాకా పట్టవచ్చు. అప్పటిదాకా మళ్ళీ ఆ మెడికల్ షాపుకు వెళ్ళి ఇంకో మూడు మాత్రలు మాత్రం తేకండి.