స్టడీ లీవ్ పొడిగింపు కోరే లేఖలో క్షమాపణలకు బదులు ఏముండాలి?

ప్రశ్న: నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. 2024 జులై 1 నుంచి రెండేళ్ల స్టడీ లీవ్‌పై మరో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. వేరుశనగలో బెట్టను తట్టుకునే రకాలు నా పరిశోధనాంశం. 2026 జూన్ 30తో సెలవు ముగుస్తోంది, రెండో ఖరీఫ్ పంట ఇంకా వేయాల్సి ఉంది. మా హెచ్‌ఓడీ గారికి రెండు పేజీల లేఖ రాశాను. అందులో కొంత ఇది: “సార్, మిమ్మల్ని మళ్లీ ఇబ్బంది పెడుతున్నందుకు సిగ్గుపడుతున్నాను. రెండేళ్లలో పూర్తి చేస్తానన్న మాట నిలబెట్టుకోలేకపోయాను. మధ్యలో మా అత్తగారికి ఆపరేషన్, తర్వాత నాకు డెంగీ రావడంతో మనసు నిలవలేదు. ఏడాది కుదరకపోతే ఆరు నెలలైనా ఇప్పించండి. అవసరమైతే శనివారాలు వచ్చి క్లాసులు చెబుతాను. పెద్ద మనసుతో నన్ను క్షమించి...” చదివినవాళ్లు బతిమాలినట్టుగా ఉందంటున్నారు. ఎలా రాస్తే బాగుంటుంది?

జవాబు: మీ లేఖ చదివేది హెచ్‌ఓడీ గారు ఒక్కరే కాదు. చాలా విశ్వవిద్యాలయాల్లో సెలవు మంజూరు చేసే అధికారం ఆయనకు ఉండదు. ఆయన తన సిఫార్సు రాసి పైకి పంపితే, ఆ కాగితం ప్రిన్సిపాల్ మీదుగా రిజిస్ట్రార్ కార్యాలయంలోని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కు చేరుతుంది. అక్కడ మిమ్మల్ని ఎన్నడూ చూడని ఒక సూపరింటెండెంట్ దాన్ని చదివి, నాలుగు వాక్యాల్లో నోట్ పెడతారు. ఆ నోట్‌లోకి మీ లేఖలోని ఏ వాక్యం ఎక్కుతుందన్నదే అసలు ప్రశ్న. మీ లేఖ ఇప్పుడున్న రూపంలో వెళితే “అభ్యర్థి నిర్ణీత గడువులో పని పూర్తి చేయలేకపోయినట్లు స్వయంగా అంగీకరించారు” అన్న మాట ఎక్కే అవకాశం ఎక్కువ.

అది ప్రమాదకరమైన మాట. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేతనంతో కూడిన అధ్యయన సెలవును మొదట రెండేళ్లకు ఇచ్చి, పరిశోధన తగినంతగా సాగుతోందని గైడ్ నివేదిస్తే మరో ఏడాది వరకు పొడిగించవచ్చు. అంటే పొడిగింపుకు ఆధారం పైవాళ్ల దయ కాదు, మీ పురోగతి. మీరేమో పురోగతి లేదన్నట్టు రాసి, దయ చూపమని అడిగారు. మర్యాద కోసం రాసిన క్షమాపణ ఫైలులోకి వెళ్లాక ఒప్పుకోలుగా మారిపోతుంది. మీ విశ్వవిద్యాలయం ఈ నిబంధనలను ఏ మార్పులతో అమలు చేస్తోందో మొదటి మంజూరు ఉత్తర్వులోనే తెలుస్తుంది కనుక, కొత్త లేఖ రాసే ముందు ఆ ఉత్తర్వును ఒకసారి పూర్తిగా చదవండి.

ఇక కారణం సంగతి. మీ పని ఎందుకు మిగిలిందో నెలల వారీగా చూస్తే ఇందులో మీ తప్పేమీ కనిపించదు. వేరుశనగ ఖరీఫ్‌లో జూన్, జులై వానలకు విత్తి, నాలుగు నెలల లోపు కోసే పంట. మీరు 2024 జులైలో చేరేసరికి విత్తే సమయం వచ్చేసింది, ఆ ఖరీఫ్ కోర్సు వర్క్‌లోనే గడిచిపోయింది. కాబట్టి మొదటి పంట 2025లో వేశారు. బెట్టపై చేసే క్షేత్ర పరిశోధనను కనీసం రెండు పంట కాలాల్లో చేయడం ఆనవాయితీ. ఒక్క ఏడాది ఫలితాలే ఉంటే, ఒక రకం నిజంగా బెట్టను తట్టుకుందా, లేక ఊడలు దిగే దశలో ఆ ఏడాది అదృష్టవశాత్తూ ఒక వాన పడిందా అన్నది విడదీసి చెప్పడం కుదరదు. అందుచేత రెండో పంట 2026 ఖరీఫ్‌లోనే సాధ్యం. మీరు సెలవులో చేరిన రోజునే ఇది ఖాయమైంది. “మాట నిలబెట్టుకోలేకపోయాను” అన్న వాక్యం ఈ లెక్కనంతా కప్పేస్తోంది.

ఇంట్లో ఆపరేషన్, మీ జ్వరం నిజమే కావచ్చు, కానీ పొడిగింపు అవసరమైంది వాటివల్ల కాదు. అవి లేకపోయినా మీకు 2026 ఖరీఫ్ కావలసిందే. అనారోగ్యానికి వేరే రకాల సెలవులు ఉన్నాయి. ఈ లేఖలో ఆ ప్రస్తావన తెస్తే, ఆ రోజులను ఏ సెలవు కింద లెక్కించారన్న అనవసరపు ప్రశ్న సెక్షన్ నుంచి వస్తుంది. ఒకవేళ జ్వరం వల్ల ఫలానా దశలో ఆకుల నమూనాలు తీయలేకపోయి ఉంటే, ఆ సంగతి దాచకుండా గైడ్ పురోగతి నివేదికలో ఒక వాక్యంగా ఉండాలి.

“ఆరు నెలలైనా” అన్న మాట తప్పక తీసేయండి. ఆరు నెలలంటే 2026 డిసెంబరు 31. అప్పటికి కాయలు కోసి ఎండబెట్టి ఉంటారు, ప్రయోగశాల పని సగంలో ఉంటుంది, థీసిస్ రాయడం మొదలే కాదు. మీరే ఆరు నెలలు చాలన్నట్టు రాస్తే ఆరు నెలలే మంజూరవుతుంది, తర్వాత మళ్లీ ఇదే లేఖ రాయాలి. ఏడాది అని గుండుగుత్తగా అడగడం కూడా బాగుండదు. మిగిలిన పనిని లెక్కవేస్తే జులైలో విత్తడం, నవంబరు మొదట్లో కోత, జనవరి చివరికి విశ్లేషణ, ఏప్రిల్ వరకు రచన, మే నెలలో సమర్పణ వస్తున్నాయి. అంటే 11 నెలలు. ఇప్పటికే వాడుకున్న 24 నెలలతో కలిపితే 35 అవుతాయి, మూడేళ్ల పరిమితి దాటదు. పైగా 2027 జూన్ 1న విధుల్లో చేరితే కొత్త విద్యా సంవత్సరపు టైమ్‌టేబుల్‌లో మీ పేరు ఉంటుంది. హెచ్‌ఓడీ గారికి ఈ ఒక్క మాట ఎన్ని క్షమాపణలకన్నా ఎక్కువ ఊరట.

శనివారాల క్లాసుల ప్రతిపాదన మంచి మనసుతోనే చేశారు. కానీ పూర్తి వేతనంతో సెలవులో ఉన్నవారు వచ్చి పాఠం చెప్పగలరంటే అసలు సెలవెందుకని ఆడిట్‌లో అడుగుతారు. హెచ్‌ఓడీ గారికి నిజంగా ఉన్న చిక్కు వేరు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నిబంధనల ప్రకారం వారానికి 16 గంటల బోధన ఉంటుంది, ఆ గంటలను ఎవరికి పంచాలన్నది ఆయన తేల్చుకోవాలి. మీ స్థానంలో ఇప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీ ఉంటే, ఆ ఏర్పాటునే కొనసాగించవచ్చని సూచించండి. సహోద్యోగులు మీ గంటలు తీసుకుంటారని, వారిని అడగకుండా రాయకండి. విభాగంలో ఒకేసారి ఎంతమంది అధ్యయన సెలవులో ఉండవచ్చన్నదానికీ పరిమితి ఉంటుంది. ఇంకొకరు అదే సెలవుకు దరఖాస్తు చేసే ఆలోచనలో ఉన్నారేమో ముందే కనుక్కోండి.

ఇవన్నీ సర్దితే లేఖ ఇలా వస్తుంది:

విభాగాధిపతి గారికి,
వృక్షశాస్త్ర విభాగం.

విషయం: అధ్యయన సెలవును 01-07-2026 నుంచి 31-05-2027 వరకు 11 నెలలు పొడిగించవలసిందిగా అభ్యర్థన.
సూచిక: అధ్యయన సెలవు మంజూరు ఉత్తర్వు, దాని నంబరు, తేదీ.

ఆర్యా,

పై ఉత్తర్వు ప్రకారం 01-07-2024 నుంచి 30-06-2026 వరకు నాకు మంజూరైన అధ్యయన సెలవును 31-05-2027 వరకు పొడిగించేందుకు సిఫార్సు చేయవలసిందిగా కోరుతున్నాను. ఈ పొడిగింపుతో మొత్తం సెలవు 35 నెలలు అవుతుంది. ఇది నిబంధనలు అనుమతించే మూడేళ్లకు లోబడి ఉంది.

కోర్సు వర్క్, 2025 ఖరీఫ్ క్షేత్ర ప్రయోగం, దాని విశ్లేషణ పూర్తయ్యాయి. ఇప్పటివరకు సమర్పించవలసిన మూడు అర్ధ సంవత్సర నివేదికలను గైడ్ ద్వారా సమర్పించాను. బెట్టను తట్టుకునే గుణాన్ని నిర్ధారించడానికి రెండు పంట కాలాల ఫలితాలు అవసరం. మొదటి ఖరీఫ్ కోర్సు వర్క్ కాలంలో గడిచినందున రెండో ప్రయోగం 2026 ఖరీఫ్‌లో చేయవలసి ఉంది. 2026 నవంబరులో కోత, 2027 జనవరి చివరికి విశ్లేషణ పూర్తిచేసి, మే నెలలో థీసిస్ సమర్పించేలా ప్రణాళిక రూపొందించుకున్నాను. గైడ్ దీనిని ధ్రువీకరించారు.

నా బోధన గంటలకు ప్రస్తుతం ఉన్న గెస్ట్ ఫ్యాకల్టీ ఏర్పాటును 2026-27 విద్యా సంవత్సరానికి కొనసాగించే విషయం పరిశీలించవలసిందిగా మనవి. నా పాఠ్యాంశాల బోధన ప్రణాళికలను, ప్రశ్నల నిధిని జూన్ 15లోగా విభాగానికి అందజేస్తాను. 01-06-2027న విధుల్లో చేరి, బాండు షరతులను పాటిస్తాను.

భవదీయురాలు,
సంతకం, పేరు, హోదా.

జతపరచినవి: మంజూరు ఉత్తర్వు ప్రతి, గైడ్ పురోగతి నివేదిక, నెలవారీ పని ప్రణాళిక.

ఇందులో వినయం తగ్గలేదని గమనించండి. “కోరుతున్నాను”, “మనవి” అన్న మాటలు అందుకు చాలు. మొదటి వాక్యం చదవగానే మీకేం కావాలో, ఎప్పటివరకు కావాలో తెలిసిపోతుంది. మీ మొదటి లేఖలో ఆ సంగతి కోసం ఎక్కడెక్కడో వెతకాలి. “గైడ్ ధ్రువీకరించారు” అన్న వాక్యం మాత్రం గైడ్ సంతకం చేతికి వచ్చాకే ఉంచండి. ఆయన నివేదికలోని తేదీలూ మీ లేఖలోని తేదీలూ ఒకటిగా ఉండాలి. మీరు మే అని, ఆయన ఆగస్టు అని రాస్తే సెక్షన్ ఫైలును వెనక్కి పంపడానికి ఆ తేడా ఒక్కటే సరిపోతుంది. పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు కదా, ఇంకా సమయం ఉందన్న వాదన లేఖలోకి తేకండి. అది మీ రిజిస్ట్రేషన్‌కు సంబంధించిన గడువు, సెలవుకు దానితో సంబంధం లేదు. పైపెచ్చు తొందరేముందన్న ప్రశ్నకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది.

లేఖ ఇవ్వడానికి జూన్ వరకు ఆగకండి. వచ్చే ఏడాది వర్క్‌లోడ్ తయారుచేసే లోపే ఇచ్చి, విభాగం ఇన్‌వర్డ్ నంబరు వేసిన ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. జూన్ 30 నాటికి ఉత్తర్వు రాకపోతే, వస్తుందిలే అని పొలంలోనే ఉండిపోవద్దు. మంజూరు లేకుండా గడువు దాటి విధులకు రాకపోతే అనధికార గైర్హాజరు కింద లెక్కవేయవచ్చు. ఆ పరిస్థితి వచ్చేలా ఉంటే మీ ఖాతాలో ఉన్న ఆర్జిత సెలవును ఆ మధ్యకాలానికి వాడుకునేందుకు జూన్ మూడో వారంలోనే విడిగా దరఖాస్తు ఇవ్వండి. అధ్యయన సెలవును ఆర్జిత సెలవుతో కలిపి వాడుకోవడానికి యూజీసీ నిబంధనలు వీలు కల్పిస్తాయి. హెచ్‌ఓడీ గారు “ప్రత్యామ్నాయ బోధన ఏర్పాటుకు లోబడి సిఫార్సు” అని షరతుతో రాస్తే నిరుత్సాహపడకండి. గెస్ట్ ఫ్యాకల్టీ కొనసాగింపు ఫైలు ఏ బల్ల మీద ఉందో కనుక్కుని, మీ ఫైలుతో పాటే అదీ కదిలేలా చూసుకోండి.