ఫొటోలో ఉన్న మ్యాపు చూసి కొండ వాలును లెక్కగట్టడం

ప్రశ్న: భూగోళశాస్త్రంతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను సార్. జీఐఎస్ ఉద్యోగానికి రాయబోయే పరీక్షలో టోపోగ్రాఫిక్ మ్యాపు ఫొటో ఒకటి ఇచ్చి, అక్కడి వాలు, రిడ్జ్‌లు, లోయల గురించి ఒక పేరా రాయమంటారట. కాగితం మీద కాంటూరు గీతలు కొంత చదవగలను. ఫొటో అనేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు: మొదలుపెట్టాల్సింది స్కేలు దగ్గర. ఫొటోలో ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. మ్యాపు అంచున 1:50,000 అని ఉంటే, అచ్చయిన కాగితం మీద 1 సెంటీమీటరు నేల మీద 500 మీటర్లని అర్థం. ఆ మాట కాగితానికే చెల్లుతుంది. ఫొటో తీశాక, తెర మీద పెద్దది చేశాక ఆ నిష్పత్తి పనికిరాదు. ఫొటోతో పాటే పెరిగి, ఫొటోతో పాటే తగ్గేవి రెండు: అడుగున గీసిన స్కేలు పట్టీ, మ్యాపు మీది గ్రిడ్ గళ్లు. కొలత వాటితోనే వేయాలి.

గ్రిడ్ గడి ఒక పక్క ఎన్ని మీటర్లో అంచున ఉన్న వివరాల్లో చూసుకోండి. ఈ స్కేలు మ్యాపుల్లో తరచుగా 1 కిలోమీటరు ఉంటుంది. తర్వాత మీకు కావలసిన కొండ ఉన్న గడినే కొలవండి, దూరంగా ఉన్న మరో గడిని కాదు. కెమెరా ఒరిగి ఉంటే దగ్గరి గళ్లు పెద్దవిగా, అవతలివి చిన్నవిగా పడతాయి. పై గడి, కింది గడి కొలిచి చూస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. తేడా ఉంటే అడుగున ఉన్న స్కేలు పట్టీతో పైనున్న కొండను కొలవకూడదు. గడిని కొలిచాక, వాలును కొలిచేదాకా జూమ్ కదపకండి.

ఇక లెజెండ్. అందులో మీకు ముందుగా కావలసింది కాంటూరు విరామం, అంటే పక్కపక్కనున్న రెండు గీతల మధ్య ఎత్తు తేడా. ఆ ఎత్తులు మీటర్లలో ఉన్నాయా అడుగుల్లోనా అన్నది కూడా అక్కడే చూడండి. ఫొటోలో ఆ మూల తెగిపోతే విరామాన్ని మ్యాపు నుంచే రాబట్టవచ్చు. అంకె వేసిన లావు గీతలు రెండు వెతకండి, 600, 700 అనుకుందాం. మధ్యలో సన్న గీతలు నాలుగు ఉన్నాయి. ఇక్కడ చాలామంది 100ను నాలుగుతో భాగించి 25 అంటారు. నాలుగు గీతలు ఉన్నచోట ఖాళీలు ఐదు, కాబట్టి విరామం 20 మీటర్లు. అంకెలు మసకగా ఉంటే 3, 8 ఒకేలా కనిపిస్తాయి. చదివిన అంకె పక్క లావు గీత అంకెతో పొసగుతోందో లేదో చూస్తే తప్పు పట్టుబడుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం. ఫొటోలో పడమర ఒక కొండ, తూర్పున దానికంటే తక్కువ ఎత్తున్న మరో కొండ ఉన్నాయి. రెండింటి మధ్య నుంచి ఒక వాగు దక్షిణానికి పోతోంది. తెర మీద 1 కిలోమీటరు గడి 60 మిల్లీమీటర్లు వచ్చింది. వాగు 640 గీతను దాటే చోటు నుంచి పడమటి కొండ మీది 760 గీత దాకా, గీతలకు అడ్డంగా, కొలిస్తే 24 మిల్లీమీటర్లు ఉంది. 24ను 60తో భాగిస్తే 0.4, అంటే నేల మీద 400 మీటర్లు. ఎత్తు తేడా 120 మీటర్లు. వాలు 120/400, అంటే 30 శాతం, సుమారు 17 డిగ్రీలు. ఇదే 24 మిల్లీమీటర్లను 1:50,000తో గుణించి ఉంటే దూరం 1,200 మీటర్లు వచ్చేది, వాలు 10 శాతానికి పడిపోయేది. నిటారుగా ఉన్న కొండను నడవడానికి తేలికైన వాలుగా రాసేసేవారు.

అయితే 30 శాతం సగటు మాత్రమే. గీతల ఎడం చూడండి. 640 నుంచి 680 దాకా 15 మిల్లీమీటర్లు పట్టింది, అంటే 250 మీటర్లు. అక్కడ వాలు 16 శాతం. 680 నుంచి 760 దాకా మిగిలిన 9 మిల్లీమీటర్లే, అంటే 150 మీటర్లు. అక్కడ వాలు 53 శాతం, సుమారు 28 డిగ్రీలు. గీతలు కింద విడివిడిగా, పైన దగ్గరగా ఉంటే అది పుటాకార వాలు. ఇందుకు తిరగబడి కింద దగ్గరగా, పైన దూరంగా ఉంటే కుంభాకార వాలు. వాలును ఇలా ముక్కలుగా చూసి రాసిన జవాబుకే విలువ ఉంటుంది.

రిడ్జా, లోయా అన్నది గీత వంపు ఒక్కదాన్ని చూసి తేల్చకండి, అంకె కూడా చూడాలి. వంపు కొన ఎక్కువ అంకె వైపు చూస్తుంటే లోయ, తక్కువ అంకె వైపు చూస్తుంటే రిడ్జ్ లేదా కొండ నుంచి బయటికి చొచ్చుకొచ్చిన స్పర్. మన ఉదాహరణలో వాగును దాటే గీతలన్నీ ఉత్తరానికి, అంటే ఎగువకు మొన తిరిగి ఉన్నాయి. పడమటి కొండ దక్షిణ వైపున గీతలు కిందికి ఉబ్బి ఉన్నాయి, అది స్పర్. 660 గీత రెండు కొండలనూ కలిపి చుట్టి, 680 గీత మాత్రం ఒక్కో కొండను విడిగా చుట్టింది. కాబట్టి రెండు కొండల మధ్య పల్లంగా ఉన్న శాడిల్ ఎత్తు 660కి, 680కి మధ్య ఉంటుంది.

ఫొటోలో మరో చిక్కు ఉంది. కొండలకు నీడలు వేసిన మ్యాపుల్లో వెలుగు సాధారణంగా వాయవ్యం నుంచి, అంటే పైన ఎడమ మూల నుంచి పడినట్టు గీస్తారు. ఫొటో తలకిందులైతే కంటికి లోయలు కొండల్లా, కొండలు లోయల్లా కనిపిస్తాయి. ముందు ఉత్తరం పైకి వచ్చేలా ఫొటోను తిప్పండి, నీడతో సందేహం వస్తే అంకెనే నమ్మండి. గీతలు ఎన్నో వరుసగా ఒకే సరళరేఖ వెంట విరిగినట్టు ఉంటే అది లోయ కాకపోవచ్చు, కాగితం మడత కావచ్చు. ఆ రేఖ మ్యాపు అంచు ఖాళీ దాకా సాగితే మడతేనని తేలుతుంది.

పేరా ఇలా రాయండి: "పటంలో పడమర, తూర్పున రెండు కొండలు ఉన్నాయి. పడమటిది ఎత్తైనది, దాని శిఖరం 760కి పైన, 780కి లోపు. వాటి మధ్య శాడిల్ 660–680 మీటర్ల మధ్య ఉంది. అక్కడి నుంచి వాగు దక్షిణానికి పారుతోంది. వాగు నుంచి పడమటి కొండకు వెళ్లే తూర్పుముఖ వాలు పుటాకారం, అడుగున 16 శాతం, పైన 53 శాతం. కొండ దక్షిణాన ఒక స్పర్ దిగుతోంది."

శిఖరానికి కచ్చితమైన ఎత్తు అంకె మ్యాపులో లేకపోతే, లోపలి గీత 760 కనుక 760–780 అని హద్దులే చెప్పాలి. 20 మీటర్లకు లోపున్న చిన్న గట్లు, గుంటలు రెండు గీతల మధ్య కనిపించకుండా పోవచ్చు, కాబట్టి "చదునైన నేల" అనకుండా "గీతల్లో కనిపించేంత ఎత్తు తేడా లేదు" అనండి. ఫొటోలో గ్రిడ్ గానీ స్కేలు పట్టీ గానీ లేకపోతే వాలు శాతం రాయవద్దు. ఏ వాలు దేనికంటే నిటారో గీతల ఎడాన్ని బట్టి పోల్చి, కొలత ఎందుకు ఇవ్వలేదో ఒక వాక్యంలో చెప్పండి.