పిల్లలే కనుక్కోవాలా, ముందే చెప్పాలా?

ప్రశ్న: సైన్స్ ప్రయోగాలను పిల్లలే చేసి కనుక్కోనివ్వాలా, నేనే ముందు వివరించాలా?

ప్రయోగం చేసే పద్ధతే కొత్తదైతే ముందు మీరే చూపించండి. 2004లో పరిశోధకులు డేవిడ్ క్లార్, మిలేనా నిగమ్ అమెరికాలో 3, 4 తరగతుల పిల్లలకు వాలు బల్లలు, బంతులు ఇచ్చారు. బంతి దొర్లే దూరం దేనివల్ల మారుతుందో పిల్లలు తేల్చాలి. అందుకు పద్ధతి, ప్రతిసారీ ఒక్కదాన్నే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచడం. సరైన పోలిక, తప్పు పోలిక రెండూ చూపించి, కారణం కూడా చెప్పిన గుంపులో 77 శాతం మంది పద్ధతి పట్టుకున్నారు. అవే వస్తువులతో సొంతంగా ప్రయత్నించిన గుంపులో 23 శాతమే. పద్ధతి రాని పిల్లలు వాలు, బంతి రెండూ ఒకేసారి మార్చేస్తుంటారు. దేనివల్ల తేడా వచ్చిందో అడిగితే చెప్పలేరు. మీ క్లాసులో ఇది కనిపిస్తే ఆపి వివరించాల్సిందే.

పద్ధతి వచ్చాక మాత్రం లోలకం లాంటి ప్రశ్న వాళ్లకే వదలండి. దారం పొడవా, గుండు బరువా, ఏది ఊగే సమయాన్ని మారుస్తుంది? జవాబు చెప్పకండి, "ఈసారి ఏం మార్చావు?" అని అడుగుతూ ఉండండి. 2011లో పరిశోధకుడు అల్ఫియేరి బృందం ఎన్నో పాత అధ్యయనాలు కలిపి చూస్తే, సాయం లేని అన్వేషణ నేరుగా వివరించడం కంటే వెనకబడింది, ఇలా తోడున్న అన్వేషణ మిగతా పద్ధతుల కంటే ముందుంది.