కిలో పొడికి ఎన్ని కాఫీలు? నాగమణికి మామయ్య ఉత్తరం

ఒంగోలు

చి.సౌ. నాగమణికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లెక్క కాగితం చూశానమ్మా. కావలి బస్టాండు దగ్గర రోజుకు 140 కాఫీలు అమ్మడమంటే మంచి బేరమే. కాఫీకి 10 రూపాయల 75 పైసలు పడుతోంది, 15కి అమ్ముతున్నాను, రోజుకు 595 రూపాయలు మిగలాలి, కానీ గల్లాలో అందులో సగం కూడా కనిపించడం లేదని రాశావు. ఎవరైనా డబ్బు తీస్తున్నారేమోనని అనుమానపడ్డావు కూడా. కొట్లో కూర్చునే పిల్లవాడిని అనుమానించకు. నీ కాగితంలోనే ఆ డబ్బు ఎటు పోతోందో ఉంది.

నువ్వు వేసిన లెక్క ఇది. పొడి కిలో 700, కిలోకి 200 కాఫీలు, కాబట్టి కాఫీకి 3 రూపాయల 50 పైసలు. పాలు లీటరు 70, కాఫీకి 90 మిల్లీలీటర్లు, అంటే 6 రూపాయల 30 పైసలు. చక్కెర 10 గ్రాములకు 45 పైసలు. గ్యాస్‌కు ఉజ్జాయింపుగా అర్ధ రూపాయి. కూడిక తప్పలేదు, కూడిన అంకెలే నీ కొట్టువి కావు. 200 అన్న అంకె పొడి అమ్మే కొట్టాయన చెప్పింది. గ్యాస్‌కు వేసిన అర్ధ రూపాయి నువ్వు ఊహించుకున్నది. ముందు ఆ 200 సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయింది అక్కడే.

కొట్టాయన అబద్ధం చెప్పలేదు. కిలో పొడికి నువ్వు 7 లీటర్ల మరిగిన నీళ్లు పోస్తున్నావు. కాఫీ పొడి తన బరువుకు రెండింతలకు పైగా నీళ్లు తనలోనే పట్టుకుంటుంది. ఆ నీళ్లు పిప్పితో పాటు పారేస్తాం. అందుకే నీకు దిగే డికాక్షన్ 4 లీటర్ల 800 మిల్లీలీటర్ల దగ్గర ఉంటోంది. నువ్వే కొలిచి రాశావు, మంచి పని చేశావు. చిన్న గ్లాసుకు, అంటే 100 మిల్లీలీటర్ల కాఫీకి 25 డికాక్షన్ పోసేవాళ్లకు అందులో 192 కాఫీలు వస్తాయి, 200కి దగ్గరే. నీ గ్లాసు 120 పడుతుంది. 30 డికాక్షన్, 90 పాలు కలుపుతున్నావు. 4,800ను 30తో భాగించు, 160 వస్తుంది. కిలోకి 200 అనే మాట నీ గ్లాసుకు మొదటి నుంచీ వర్తించదు.

ఆ 160 కూడా ఫిల్టరులోంచి దిగిన కాఫీలే, అమ్మిన కాఫీలు కావు. నువ్వు రోజుకు సరిగ్గా కిలో పొడి వాడుతున్నావు, 140 అమ్ముతున్నావు. మిగతా 20 కాఫీల డికాక్షన్, అంటే 600 మిల్లీలీటర్లు, ఎటు పోతోంది? రాత్రి కొట్టు కట్టేటప్పుడు అడుగున 300 దాకా పారబోస్తున్నానని నువ్వే రాశావు. ఇంకో 200 స్ట్రాంగు అడిగేవాళ్లకు పోతోంది. రోజుకు ఒక 40 మంది స్ట్రాంగు అంటారనుకో, ఒక్కొక్కరికి 5 మిల్లీలీటర్లు ఎక్కువ పోసినా 200 అయిపోతుంది. మిగిలిన 100 గిన్నెల అంచులకు అంటుకుంటుంది, రుచి చూడటానికి పోతుంది, ఒలుకుతుంది. దొంగతనం ఎక్కడా లేదమ్మా.

కాబట్టి పొడి ధరను భాగించాల్సింది 140తో. కాఫీకి 5 రూపాయలు. నీ కాగితంలో ఉన్నదానికంటే రూపాయిన్నర ఎక్కువ. ఈ ఒక్క తేడా మీదే రోజుకు 210 రూపాయలు పోతున్నాయి. దిగిన డికాక్షన్‌ను కాకుండా అమ్ముడుపోయిన కాఫీలను లెక్కపెట్టమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

పాల సంగతీ అంతే. 140 కాఫీలకు 90 చొప్పున 12 లీటర్ల 600 చాలాలి. నువ్వు కొంటున్నది 13న్నర లీటర్లు. సన్న సెగ మీద గంటల తరబడి పెట్టిన పాలు ఆవిరవుతూనే ఉంటాయి. కొంత మీగడ కడుతుంది, కొంత అడుగంటుతుంది, చివర కొంత మిగులుతుంది. పాలకు రోజుకు 945 రూపాయలు ఇస్తున్నావు కాబట్టి కాఫీకి 6 రూపాయల 75 పైసలు. మొత్తం ఖర్చులో సగం పాలదే. అందరూ పొడి ధర చూసి బెదిరిపోతారు కానీ, చెయ్యి జారి కాఫీకి 10 మిల్లీలీటర్ల పాలు ఎక్కువ పోసినా 70 పైసలు పోయినట్టే. పాలకు ఒక కొలగరిటె పెట్టుకో. డికాక్షన్‌కు 30 పట్టే చిన్న గిన్నె వేరేగా పెట్టుకో. స్ట్రాంగుకు 5 ఎక్కువ పోస్తే పాలు 5 తగ్గించు, గ్లాసు నిండటం మాత్రం మారకూడదు. తిరగబోసి నురగ తెప్పిస్తే గ్లాసు నిండుగానే కనిపిస్తుంది, తాగేవాడికీ బావుంటుంది.

గ్యాస్ దగ్గర నువ్వు చేసిన పని చాలామంది చేసేదే, అర్ధ రూపాయి అని రాసి పక్కన పెట్టేశావు. గ్యాస్‌ను కాఫీల మీద ఊహించకు, రోజుల మీద కొలువు. సిలిండరు తగిలించిన తేదీని దాని మీదే సుద్దముక్కతో రాయి, అయిపోయిన రోజు చూడు. 19 కిలోల కమర్షియల్ సిలిండరు నీకు 1,900 పడుతోందనీ, 12 రోజులు వస్తోందనీ రాశావు. రోజుకు 158 రూపాయలు. 140తో భాగిస్తే కాఫీకి 1 రూపాయి 13 పైసలు. ఇంటి సిలిండరు కొట్లో వాడొద్దు, అది నిబంధనలకు విరుద్ధం.

గ్యాస్‌లో ఇంకో కిటుకుంది. పాలు మరగడానికి అయ్యే గ్యాస్ తక్కువే, వేడిగా ఉంచడానికే ఎక్కువ పోతుంది. పొయ్యి ఎన్ని గంటలు వెలిగితే అంత గ్యాస్, కాఫీలు ఎన్ని అమ్మావో దానికి పట్టదు. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం కాఫీ అడిగేవాడు ఉండడు, మజ్జిగ బండి దగ్గరే జనం ఉంటారు. ఆ రోజుల్లో 70 కాఫీలే అమ్మితే గ్యాస్ కాఫీకి 2 రూపాయల 26 పైసలు అవుతుంది. ఎండాకాలంలో ఉదయం 10 గంటలకే పొయ్యి ఆపెయ్, సాయంత్రం మళ్లీ వెలిగించు. అక్టోబరు, నవంబరు ముసురు రోజుల్లో మన వైపు కాఫీ బాగా పోతుంది, అప్పుడు ఎక్కువ గంటలు వెలిగించినా గిట్టుతుంది.

ఇప్పుడు మళ్లీ కలుపుదాం. పొడి 5 రూపాయలు, పాలు 6.75, చక్కెర 0.45, గ్యాస్ 1.13. కాఫీకి 13 రూపాయల 33 పైసలు. రోజుకు 2,100 అమ్మకం, 1,866 ఖర్చు, చేతిలో 234. నీ గల్లా చెబుతున్నది ఇదే. నువ్వు అనుకున్న 595కీ దీనికీ ఉన్న 361 తేడాలో పొడి 210, గ్యాస్ 88, పాలు 63. కొట్టు అద్దె, ఆ పిల్లవాడి జీతం, నీ కష్టం, అన్నీ ఈ 234లోంచే రావాలి. కాగితం కప్పులు వాడితే వాటి ధర కూడా ఇందులోంచే తీసెయ్యాలి. స్టీలు గ్లాసులైతే కడిగే నీళ్లు, మనిషి ఉంటారు. ఇలా నడిపితే కష్టం.

ఏం చేయాలో నా అభిప్రాయం చెబుతాను. నలుగురూ ముందుగా చెప్పేది చికోరీ ఎక్కువున్న పొడికి మారమని. చికోరీ వేస్తే రంగు వస్తుంది, డికాక్షన్ చిక్కగా కనిపిస్తుంది. కిలో 560కి దొరికే రకం తెచ్చినా నీ 140 కాఫీల మీద మిగిలేది కాఫీకి ఒక్క రూపాయి. దానికోసం రోజూ వచ్చే డ్రైవర్లు, కండక్టర్లు పక్క కొట్టుకు పోతే పోయేది అంతకంటే ఎక్కువ. నాలుక మీద చేదు నిలబడి కాఫీ వాసన రాకపోతే వాళ్లు ఏమీ అనరు, మర్నాటి నుంచి రారు. 80కి 20 కలిపిన పొడినే ఉంచు. పిప్పి మీద రెండోసారి నీళ్లు పోసి ఆ పల్చటి నీళ్లను డికాక్షన్‌లో కలపొద్దు. పాలు పోయగానే కాఫీ రంగు బూడిద రంగుకు తిరిగితే అలా కలిపారని తెలిసిపోతుంది.

నేనైతే గ్లాసు తగ్గిస్తాను, చిక్కదనం తగ్గించను. 100 పట్టే గ్లాసులు కొను. 25 డికాక్షన్, 75 పాలు, అంటే ఇప్పటి పాళ్లే. కిలోకి 192 దిగుతాయి, అదే 600 వృథా తీసేస్తే 168 అమ్ముడుపోతాయి. పొడి 4 రూపాయల 17 పైసలు, పాలు ఆవిరితో కలిపి 5.63, చక్కెర 8 గ్రాములకు 36 పైసలు, గ్యాస్ 1.13 అలాగే. మొత్తం 11 రూపాయల 29 పైసలు. అవే 140 కాఫీలు అమ్మినా 519 రూపాయలు మిగులుతాయి. పెద్ద గ్లాసే కావాలనేవాళ్లకు పాతదే ఇవ్వు, దానికి 18 తీసుకో. చెప్పకుండా గ్లాసు మార్చకు. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి, ధరలు రాసిన బోర్డు వాటి పైన కట్టు.

రెండోది, పొడి అంతా పొద్దున్నే దించకు. ఉదయానికి 600 గ్రాములు, సాయంత్రానికి 400 వేరుగా దించు. పొద్దున దించిన డికాక్షన్ సాయంత్రానికి పులిసిన రుచికి తిరుగుతుంది, రాత్రికి పారబోయడం కూడా అందుకే. రాత్రి పారబోసే 300లో సగం మిగిల్చుకున్నా చిన్న గ్లాసులు 6 ఎక్కువ అమ్మొచ్చు. నీళ్లు ఫిల్టరులోంచి గబగబా దిగిపోతుంటే పొడి బరకగా ఉన్నట్టు, డికాక్షన్ పల్చబడి కాఫీకి ఎక్కువ పోయాల్సి వస్తుంది. అసలు దిగకుండా నిలబడితే పొడి మరీ మెత్తగా ఉంది. రెండు రకాలుగానూ నీ 192 తప్పుతుంది. పొడి ఆడించేటప్పుడే కొట్టాయనకు చెప్పు.

ఒక వారం కొలిచి చూడు. పొద్దున పొడి డబ్బాను తూకం వెయ్యి, రాత్రి మళ్లీ తూకం వెయ్యి. కాఫీ డబ్బుకు వేరే డబ్బా పెట్టు, బిస్కెట్ల డబ్బు అందులో కలపకు. ఫోన్లో పడిన డబ్బును కూడా కలిపి, 15తోనూ 18తోనూ వేరుగా భాగిస్తే ఎన్ని కాఫీలు అమ్మావో వస్తుంది. వాడిన పొడిని ఆ కాఫీలతో భాగించు. చిన్న గ్లాసుకు 6 గ్రాముల లోపు ఉంటే సరే. 7 దాటిందంటే ఎవరి చెయ్యో పెద్దదవుతోంది, లేదా రాత్రి పారబోయడం పెరిగింది.

ధరలు మారినప్పుడు కంగారు పడకు. కొత్త గ్లాసుకు పొడి కిలో మీద 50 పెరిగితే కాఫీకి 30 పైసలు, పాలు లీటరు మీద 2 పెరిగితే 16 పైసలు పెరుగుతుంది. రెండూ ఒకేసారి పెరిగినా అర్ధ రూపాయి దాటదు, దానికి 15ను ముట్టుకోవద్దు. నీ ఖర్చు 12న్నర దాటిన రోజున నాకు ఫోన్ చెయ్యి, ధర గురించి అప్పుడు మాట్లాడుకుందాం. వారం లెక్క రాసిన కాగితం మాత్రం మీ అమ్మ ఒంగోలు వచ్చేటప్పుడు పంపించు.

నీ మామయ్య