నాన్న రాసిచ్చిన స్థలం అమ్మితే కొన్న ధర ఏది?

"1994లో నాన్న 300 గజాల ఇళ్ల స్థలం 45 వేలకు కొన్నారు. 2016లో నా పేరున గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేశారు, అందులో విలువ 30 లక్షలు అని ఉంది. అప్పటి నుంచి అన్నయ్య మాతో మాట్లాడటం లేదు. నాన్న పోయారు. పాప చదువు కోసం ఏడుస్తూనే 2025 డిసెంబరు 10న 54 లక్షలకు అమ్మేశాను. 30 లక్షలను కొన్న ధరగా చూపించి, ద్రవ్యోల్బణం మేరకు దాన్ని పెంచే ఇండెక్సేషన్ చేస్తే పన్ను తక్కువ పడుతుందని తెలిసినాయన అంటున్నారు. చూపించవచ్చా? ఒరిజినల్ కాగితాలన్నీ కొన్నవాళ్లకు ఇచ్చేశాను, జిరాక్సులు కూడా ఉంచుకోలేదు."

చూపించకూడదమ్మా. మీ అన్నయ్య సంగతి ఈ కేసుకు సంబంధం లేదు. పన్నును తేల్చేది ఒక్కటే, 2001 ఏప్రిల్ 1న ఆ స్థలం ప్రభుత్వ విలువ ఎంత అన్నది. మీ ప్రశ్నలో లేనిదీ అదే.

గిఫ్ట్‌గా వచ్చిన ఆస్తికి మీరు పైసా పెట్టలేదు కాబట్టి, ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 49 ప్రకారం మీ నాన్నగారు పెట్టిన ఖర్చే మీ ఖర్చు. సెటిల్‌మెంట్‌లోని 30 లక్షలు స్టాంపు డ్యూటీ కట్టడానికి వేసిన విలువ, అంతే. దాన్ని కొన్న ధరగా చూపిస్తే పన్ను రెండు లక్షల పాతిక వేల దగ్గరికి దిగుతుంది, నిజమే. కానీ పత్రం పైనే 'గిఫ్ట్' అని ఉంటే కొన్నానని ఎలా అంటారు? ఆదాయం తక్కువ చూపారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు తోడు అందులో సగం పెనాల్టీ, తప్పుగా చూపారని తేలితే రెండు రెట్లు. ఈ దారిలోకి అస్సలు వెళ్లకండి.

అలాగని 45 వేల దగ్గరే ఆగిపోనక్కర్లేదు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి ఆ రోజు విలువను ఖర్చుగా తీసుకోవచ్చు. భూమి విషయంలో అది స్టాంపు డ్యూటీకి ప్రభుత్వం వేసిన ఆనాటి విలువను దాటకూడదు. 2020లో వచ్చిన ఈ పరిమితి తెలియక, వాల్యూయర్ చేత పెద్ద అంకె రాయించుకుని ఇబ్బంది పడేవాళ్లున్నారు.

ఆనాటి గజం విలువ 3,000 అనుకుందాం, మీ స్థలం 9 లక్షలు. ద్రవ్యోల్బణ సూచీ 2001-02కి 100, మీరు అమ్మిన 2025-26కి 376. అంటే ఆ 9 లక్షలు ఇప్పుడు 33 లక్షల 84 వేలు. 54లో అది పోగా లాభం 20 లక్షల 16 వేలు, దానిపై 20 శాతం అంటే 4,03,200. ఇండెక్సేషన్ లేకుండా లెక్కేస్తే లాభం 45 లక్షలు, 12.5 శాతం చొప్పున 5,62,500. అదే 45 వేలే ఖర్చని రాసేసి ఉంటే 6,69,375 అయ్యేది. ఆనాటి విలువ కాగితం ఒక్కటి లేకపోతే మీ చేతి నుంచి పోయేది అంత!

2024 జూలై 23 నుంచి అమ్మినవాటికి 12.5 శాతమే మామూలు రేటు. కానీ ఆ తేదీకి ముందు భూమి సంపాదించుకున్న, భారత్‌లో నివాసి అయిన వ్యక్తికి ఈ రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అదే పన్ను. మీరు విదేశాల్లో ఉండి ఎన్ఆర్ఐ అయితే ఈ వెసులుబాటు లేదు, ఆ మాట మీరు రాయలేదు. ఇంకో సంగతి, అమ్మిన ధర 2001 విలువకు సుమారు 8.36 రెట్లు దాటితే 12.5 శాతం లెక్కే మేలు, పై ఉదాహరణలో ఆరు రెట్లే. ఇండెక్సేషన్ ఎప్పుడూ మేలే అనుకోకండి, నగరం ముంచుకొచ్చిన చోట్ల ధర ఇరవై రెట్లయినా పెరిగి ఉండొచ్చు. మీ అసలు అంకె చేతికి వచ్చాకే తేల్చుకోండి.

ఒకటి సూటిగా అంటాను, ఏమనుకోకండి. జిరాక్సు కూడా ఉంచుకోకుండా లింకు డాక్యుమెంట్లు ఇచ్చేయడం పెద్ద అజాగ్రత్త. అయినా దారి ఉంది. మీ స్థలం పడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి 1994 సేల్ డీడ్‌కీ, 2016 సెటిల్‌మెంట్‌కీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి, డాక్యుమెంట్ నంబరు గుర్తులేకపోతే ఆ స్థలం లావాదేవీలన్నీ చూపే ఈసీలో దొరుకుతుంది. అదే రోజు, ఆ సర్వే నంబరుకు 2001 ఏప్రిల్ 1న అమల్లో ఉన్న మార్కెట్ విలువ ఎంతో రాతపూర్వకంగా ఇవ్వమని అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఆ రికార్డులో ఎకరా ధర రాసి ఉందా, గజం ధరా అన్నది తప్పక చూడండి, లేఔట్ స్థలానికి పొలం ధర అంటగడితే మీ 9 లక్షలు ఏ లక్షకో పడిపోతుంది. 1994 డీడ్‌లో ప్లాట్ నంబరు ఉంటే దాన్ని చూపించి గజం ధర అడగండి. రికార్డు లేదంటే అదీ రాయించుకోండి, అప్పుడే రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్టుకు బలం.

ఇండెక్సేషన్‌ను 2016 నుంచి కాదు, నాన్నగారి దగ్గర ఉన్న కాలం నుంచే లెక్కించాలని 2011లో బాంబే హైకోర్టు మంజులా షా కేసులో చెప్పింది, ఎవరైనా వాదిస్తే అది చూపండి.

అమ్మకంలో వచ్చిన లాభాన్ని సెక్షన్ 54ఈసీ బాండ్లలో 50 లక్షల వరకు పెట్టి పన్ను తప్పించుకోవాలంటే అమ్మిన తేదీ నుంచి ఆరు నెలలే. మీకు అది 2026 జూన్ మొదటి వారం అనుకుని ముందే పని ముగించుకోండి, ఆ తేదీ దాటితే మీ కష్టం విని గడువు పెంచేవాళ్లు ఎవరూ ఉండరు.